అన్నీ యాసిడ్లే కదా అని ఒకే అరలో పెట్టవచ్చా? భద్రతా పత్రం చదివి తేల్చుకునే తీరు

షోలాపూర్ తూర్పు భాగంలో మన నేత కుటుంబాలవి చిన్న అద్దకం షెడ్లు ఇప్పటికీ ఉన్నాయి. తువ్వాళ్లకు, చద్దర్లకు కావలసిన నూలును తెల్లబరచి రంగు వేసే పని వాటిలో జరుగుతుంది. వేసవిలో అలాంటి ఒక షెడ్డుకు వెళ్లినప్పుడు మూలన ఉన్న ఒక ఇనుప ర్యాకు మా కంట పడింది. కింది అరలో మూడు ప్లాస్టిక్ క్యాన్లు ఉన్నాయి: గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్, హైడ్రోక్లోరిక్ యాసిడ్, 50 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్. మధ్య అరలో సోడియం హైపోక్లోరైట్ ఉంది. షెడ్డులో దాన్ని బ్లీచింగ్ నీళ్లు అంటారు. పై అరలో రెండు థిన్నర్ డబ్బాలు.

ఇవన్నీ రోజూ వాడేవే. నూలు తెల్లబరచడానికి పెరాక్సైడ్, ఆ తర్వాత క్షారం విరగడానికి ఎసిటిక్ యాసిడ్, తొట్లలో పట్టిన గారను తీయడానికి హైడ్రోక్లోరిక్, రంగు మరకలు పోవడానికి బ్లీచింగ్ నీళ్లు, యంత్రాలు తుడవడానికి థిన్నర్. వీటిని ఇలా పక్కపక్కన పెట్టవచ్చా అని అడిగితే, షెడ్డు యజమాని మేనల్లుడు ఆయనవైపు తిరిగి, "అన్ని యాసిడ్లే గద మామా, ఒక్క దగ్గర ఉంటే ఏమైతది?" అన్నాడు. ఆయన దగ్గరా జవాబు లేదు. కానీ సరుకుతో వచ్చిన కాగితాలను మాత్రం ఆయన ఒక ఫైలులో దాచి ఉంచారు. జవాబు ఆ ఫైలులోనే ఉంది. ఆ రోజు మేమందరం కూర్చుని ఆ కాగితాలు చదివిన తీరునే ఇక్కడ రాస్తున్నాం.

ఏమిటీ కాగితం?

రసాయనంతో పాటు తయారీదారు ఇచ్చే భద్రతా సమాచార పత్రం ఇది. ఇప్పుడు ఎస్‌డీఎస్ అంటున్నారు. పాత అలవాటులో చాలామందికి ఇది ఎంఎస్‌డీఎస్. ప్రమాదకర రసాయనాలకు ఇలాంటి పత్రం ఉండాలని మన దేశంలో 1989 నాటి నిబంధనలే చెబుతున్నాయి. బిల్లుతో పాటు అది రాకపోతే డీలరును అడిగి తీసుకోండి.

ఇప్పటి పద్ధతిలో పత్రానికి 16 భాగాలుంటాయి. ఏ కంపెనీది తీసుకున్నా ఒక్కో అంకె కింద ఒకే విషయం ఉంటుంది. పాత పద్ధతి పత్రాల్లో అంకెలు వేరుగా ఉండవచ్చు, అప్పుడు శీర్షికలు చూసి వెతకాలి. ఏది ఏ అరలో ఉండాలో తేల్చడానికి మొత్తం పత్రం అక్కరలేదు. 1, 2, 10, 14 భాగాలు చదివితే చాలావరకు తేలిపోతుంది. నిల్వ గురించి చెప్పేది 7వ భాగమే అయినా, అందులో తరచుగా "సరిపడని పదార్థాలకు దూరంగా ఉంచండి" అన్న ఒక్క వాక్యమే ఉంటుంది. ఆ సరిపడనివి ఏవో 10వ భాగం చెబుతుంది.

ముందు పత్రం మన క్యానుదేనా?

మొదట 1వ భాగంలోని పేరును, 3వ భాగంలోని శాతాన్ని క్యాను మీది చీటీతో పోల్చాలి. ఇక్కడ పొరబడితే ఆ తర్వాత చదివినదంతా వృథా.

ఎసిటిక్ యాసిడ్ దీనికి మంచి ఉదాహరణ. నీళ్లు కలపనిదాన్ని గ్లేషియల్ అంటారు. అది మండుతుంది. బాగా నీళ్లు కలిపి పలచన చేసినది అలా మండదు. పలచని దాని పత్రం తెచ్చుకుని గ్లేషియల్ క్యాను పక్కన పెట్టుకుంటే, మంట గురించి అందులో ఒక్క మాటా కనిపించదు. పెరాక్సైడ్ సంగతీ ఇంతే. షెడ్డులోని ఫైలులో దొరికింది 35 శాతం పెరాక్సైడ్ పత్రం. అరలో ఉన్నది 50 శాతం క్యాను. డీలరుకు ఫోను చేసి సరైన పత్రం తెప్పించుకున్నాకే ముందుకు వెళ్లాం.

2వ భాగం: ఏ కుటుంబానికి చెందినది?

2వ భాగంలో ఎర్ర అంచు ఉన్న వజ్రాకారపు బొమ్మలు, వాటి పక్కన H అక్షరంతో మొదలయ్యే అంకెలు ఉంటాయి. మన పనికి మూడు బొమ్మలు గుర్తుంటే చాలు. ఉత్త మంట బొమ్మ ఉంటే మండేది. వలయం మీద మంట ఉంటే ఆక్సిడైజర్, అంటే తాను మండకపోయినా పక్కదానికి ఆక్సిజన్ అందించి మంటను పెంచేది. చేతి మీద, లోహం మీద చుక్కలు పడుతున్న బొమ్మ ఉంటే చర్మాన్ని, లోహాన్ని తినేసేది.

ఐదు పత్రాలూ వరుసగా పరిచి చూశాం. థిన్నర్‌కు మంట బొమ్మ, H225 అన్న అంకె ఉన్నాయి. అంటే చాలా సులభంగా అంటుకునేది. హైడ్రోక్లోరిక్‌కు, బ్లీచింగ్ నీళ్లకు చుక్కల బొమ్మ, H314 ఉన్నాయి. 50 శాతం పెరాక్సైడ్‌కు వలయం మీద మంట, H272 ఉన్నాయి. వాటితో పాటు చుక్కల బొమ్మ కూడా ఉంది.

ఎసిటిక్ దగ్గర అందరం ఆగిపోయాం. దానికి చుక్కల బొమ్మతో పాటు మంట బొమ్మ, H226 ఉన్నాయి. పేరుకు యాసిడే, కానీ మండే ద్రవం కూడా. 9వ భాగంలో దాని ఫ్లాష్ పాయింట్ 39 డిగ్రీల సెల్సియస్ అని ఉంది. నిప్పురవ్వ తగిలితే అంటుకునేంత ఆవిరి ద్రవం మీద పుట్టడం మొదలయ్యే వేడి అది. షోలాపూర్‌లో వేసవి మధ్యాహ్నం నీడలోనే 40 డిగ్రీలు దాటుతుంది, రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువ. అంటే చలికాలంలో మామూలు యాసిడ్‌గా పడి ఉండే ఆ క్యాను, ఏప్రిల్, మే నెలల్లో థిన్నర్ లాగా ప్రవర్తించగలదు. దాన్ని ఆనుకునే పెరాక్సైడ్ క్యాను ఉంది.

14వ భాగం: రెండో సాక్షి

14వ భాగం రవాణా కోసం రాసినది. అయినా ఒక్క అంకెలో సరుకు స్వభావం చెప్పేస్తుంది కనుక మనకూ పనికి వస్తుంది. 3 అంటే మండే ద్రవం, 5.1 అంటే ఆక్సిడైజర్, 8 అంటే తినేసేది. పక్కన బ్రాకెట్లో ఇంకో అంకె ఉంటే ఆ రెండో గుణం కూడా ఉందని అర్థం. గ్లేషియల్ ఎసిటిక్‌కు యూఎన్ నంబరు 2789, తరగతి 8 (3). పెరాక్సైడ్‌కు యూఎన్ నంబరు 2014, తరగతి 5.1 (8).

రెండో సాక్షి ఎందుకంటే, మొదటి సాక్షి ఒక్కోసారి మాట్లాడదు. ఫైలులో ముందున్న 35 శాతం పెరాక్సైడ్ పత్రమే చూడండి. దాని 2వ భాగంలో వలయం మీద మంట బొమ్మ లేదు. కొన్ని పద్ధతుల్లో ఆ బొమ్మ 50 శాతం నుంచే వేస్తారు. కానీ అదే పత్రం 14వ భాగంలో 5.1 అని స్పష్టంగా ఉంది. 2, 14 భాగాల్లో ఏ ఒక్కటి ఆక్సిడైజర్ అన్నా దాన్ని ఆక్సిడైజర్‌గానే చూడాలి.

అలాగని 14వ భాగం ఒక్కటే చూసి సర్దేయకూడదు. హైడ్రోక్లోరిక్‌ది 8, బ్లీచింగ్ నీళ్లదీ 8. రెండింటికీ ఒకటే బొమ్మ, ఒకటే తరగతి. బొమ్మలు చూసి సర్దేవారు ఈ రెండింటినీ కచ్చితంగా ఒకే అరలో పెడతారు. మనుషుల ప్రాణానికి ఆ ర్యాకులో అన్నిటికంటే ముప్పు తెచ్చే జంటల్లో ఇదొకటి. ఆ సంగతి 10వ భాగం తెరిస్తేనే తెలుస్తుంది.

10వ భాగం: ఎవరికి ఎవరు పడరు?

10వ భాగం స్థిరత్వం, చర్యాశీలత గురించి. అందులో "ఇన్‌కంపాటిబుల్ మెటీరియల్స్" అన్న ఉపశీర్షిక వెతకండి. కింద సరిపడని పదార్థాల జాబితా ఉంటుంది. దాన్ని చదవడంలో రెండు మెళకువలున్నాయి.

మొదటిది, జాబితాలో మన పక్క క్యాను పేరు ఉండకపోవచ్చు, దాని కుటుంబం పేరు ఉంటుంది. ఎసిటిక్ పత్రంలో "బలమైన ఆక్సిడైజర్లు, బలమైన క్షారాలు, లోహాలు" అని ఉంది. పెరాక్సైడ్ అన్న మాట లేదు. కానీ పెరాక్సైడ్ ఆక్సిడైజర్ అని దాని సొంత పత్రంలో ఇప్పుడే చూశాం. రెండు పత్రాలనూ కలిపితేనే సంగతి బయటపడుతుంది.

రెండోది, ప్రతి జంటనూ రెండు వైపుల నుంచీ చదవాలి. షెడ్డులోని హైడ్రోక్లోరిక్ పత్రంలో క్షారాలు, లోహాలు అని మాత్రమే ఉంది. అది ఒక్కటే చదివితే బ్లీచింగ్ నీళ్లు పక్కన ఉన్నా ఫరవాలేదనిపిస్తుంది. బ్లీచింగ్ నీళ్ల పత్రంలో మాత్రం జాబితా "యాసిడ్లు" అన్న మాటతోనే మొదలైంది. యాసిడ్ తగిలితే విష వాయువు వెలువడుతుందని కూడా ఉంది. ఆ వాయువు క్లోరిన్. ఇద్దరిలో ఒకరు పడదన్నా పడనట్టే. ఇద్దరూ ఏమీ అనకపోతే సరిపడినట్టు కాదు, రాసినవారు ఆ జంటను తలచుకోలేదని మాత్రమే అర్థం.

ఐదు క్యాన్లు, పది జంటలు

ఒక పాత క్యాలెండరు వెనుక ఐదు పేర్లు అడ్డంగా, అవే ఐదు నిలువుగా రాసి గళ్లు గీశాం. ఐదింటిలో రెండేసి చొప్పున తీసుకుంటే పది జంటలు. ఒక్కో గడిలో రెండు పత్రాలూ ఏమన్నాయో చూసి, పడని చోట ఇంటూ గుర్తు వేశాం.

పెరాక్సైడ్‌కు మిగిలిన నాలుగింటితోనూ ఇంటూనే పడింది. థిన్నర్ తగిలితే మంట, పేలుడు దాకా పోవచ్చు. ఎసిటిక్‌తో కలిస్తే పెరాసిటిక్ యాసిడ్ అనే మరింత చురుకైన పదార్థం తయారవుతుంది. హైడ్రోక్లోరిక్‌తో కలిస్తే క్లోరిన్ రావచ్చు. బ్లీచింగ్ నీళ్లతో కలిస్తే వేడి పుడుతూ ఆక్సిజన్ ఉధృతంగా పొంగుతుంది. ఇది మేనల్లుడిని ఆశ్చర్యపరిచింది. రెండూ తెల్లబరిచేవే కదా అని ఇన్నాళ్లూ వాటిని ఒక జాతిగా చూశాడు. చేసే పని ఒకటైనంత మాత్రాన ఒక అరలో ఇమడవు.

బ్లీచింగ్ నీళ్లకు మరో మూడు ఇంటూలు పడ్డాయి. హైడ్రోక్లోరిక్‌తోనూ ఎసిటిక్‌తోనూ క్లోరిన్ ముప్పు ఉంది, థిన్నర్ లాంటి ద్రావకాలతోనూ పడదు. ఇక్కడికి ఏడు జంటలు పోయాయి.

మిగిలినవి మూడు. హైడ్రోక్లోరిక్, థిన్నర్ జంటను పత్రాలు నేరుగా కాదనలేదు. కానీ హైడ్రోక్లోరిక్ మూత ఎంత బిగించినా కొంత ఆవిరి వస్తూనే ఉంటుంది. అది రేకు డబ్బాలను తుప్పు పట్టిస్తుంది. థిన్నర్ డబ్బా అడుగుకు చిల్లి పడితే కింది అరలోకి కారుతుంది. ఆ ర్యాకు కాళ్లకు అప్పటికే తుప్పు పొరలు లేచి ఉన్నాయి. హైడ్రోక్లోరిక్, ఎసిటిక్ కలిస్తే పెద్ద చర్య ఏమీ జరగదు. అయినా ఒకటి మండేది, ఇంకొకటి మండనిది. నిప్పంటుకుంటే మండే దానితో పాటు రెండోదీ కారుతుంది కనుక వేరుగా ఉంచడమే మేలు. చివరి జంట ఎసిటిక్, థిన్నర్. పదింటిలో నిశ్చింతగా ఒక చోట ఉండగలిగింది ఈ ఒక్కటే.

అంటే యాసిడ్ అన్న పేరున్న ఎసిటిక్ తన తోటి యాసిడ్‌ను విడిచి థిన్నర్ పక్కకు వెళ్లాలి. పేరు చూసి సర్దితే ఎప్పటికీ ఇలా సర్దం.

ఎలా సర్దారు?

ఒక ర్యాకు నాలుగు చోట్లయింది. థిన్నర్, ఎసిటిక్ కలిసి బాయిలరుకు, స్విచ్చుబోర్డుకు, ఎండకు దూరంగా గాలి ఆడే గదికి వెళ్లాయి. అక్కడ కూడా ఒక్కోదానికి వేరే ప్లాస్టిక్ ట్రే పెట్టారు. హైడ్రోక్లోరిక్ నేల మీద, ఇనుము తగలని చోట ఒంటరిగా ఉంది. బ్లీచింగ్ నీళ్లు చీకటి మూలకు, పెరాక్సైడ్ షెడ్డు అవతలి వైపుకు వెళ్లాయి.

ట్రే ఎంత ఉండాలన్నదానికి వాడుకలో ఉన్న లెక్క, అందులోని పెద్ద క్యాను మొత్తం కారినా ఇంకో పదోవంతు ఖాళీ మిగలాలి. 35 లీటర్ల క్యానుకు 38.5 లీటర్లు, అంటే 40 లీటర్లు పట్టే ట్రే కావాలి. ట్రే ఎందుకంటే, అరలు వేరైనా నేల ఒకటే. క్యాను కారితే ద్రవం వాలువైపు పోతుంది. ఆ షెడ్డులో నేల వాలు మొత్తం ఒకే కాలువలోకి ఉంది. ర్యాకు మీద విడదీసిన హైడ్రోక్లోరిక్, బ్లీచింగ్ నీళ్లు ట్రేలు లేకపోతే ఆ కాలువలో కలుసుకునేవి.

పెరాక్సైడ్ విషయంలో ఇంకో మాట. దానికి వచ్చే మూతలో గాలి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. కారుతుందేమోనని ఆ మూత తీసి మామూలు మూత బిగించకూడదు. పెరాక్సైడ్ నెమ్మదిగా విడిపోతూ ఆక్సిజన్ వదులుతుంది, ఆ వాయువుకు దారి కావాలి. తుప్పు రజను, రాగి, మురికి పడితే అది మరింత వేగంగా విడిపోతుంది. కొలిచి తీసి మిగిలినదాన్ని మళ్లీ క్యానులో పోయవద్దని పత్రం 7వ భాగంలో ఉండేది ఇందుకే. దాన్ని చెక్క అర మీద, గోనె సంచుల పక్కన కూడా పెట్టకూడదు. క్యాను ఉబ్బినా, ముట్టుకుంటే వేడిగా ఉన్నా లోపల చర్య మొదలైనట్టే. అప్పుడు మూత తిప్పబోకుండా, మనుషులను దూరం పంపి, అగ్నిమాపక దళానికి, డీలరుకు ఫోను చేయాలి.

పత్రం చెప్పనివి

పత్రానికీ హద్దులున్నాయి. అది ఒక రసాయనం గురించి రాసినదే తప్ప మీ అర గురించి రాసినది కాదు. ఎన్ని అడుగుల దూరం ఉండాలో, మీ షెడ్డు వేడి ఎంతో, మీ కాలువ ఎటు పోతుందో అందులో ఉండదు. అవి మనమే చూసుకోవాలి. పత్రం పై భాగాన ఉన్న సవరణ తేదీ చూసి, పాతదైతే కొత్తది అడగాలి.

సీసాల్లో విడిగా అమ్మే థిన్నర్‌కు చాలాసార్లు పత్రమే రాదు. అందులో ఏ ద్రావకాలు ఎంతెంత ఉన్నాయో అమ్మేవారికీ తెలియకపోవచ్చు. అలాంటిదాన్ని చాలా సులభంగా మండేదిగానే భావించి, పెరాక్సైడ్‌కు, బ్లీచింగ్ నీళ్లకు దూరంగా పెట్టాలి. చీటీ ఊడిపోయిన క్యానును వాసన చూసి గుర్తుపట్టే ప్రయత్నం చేయకండి, ఏ అరలోకీ చేర్చకుండా విడిగా పెట్టి డీలరును పిలవండి.

కొత్త సరుకు వచ్చినప్పుడల్లా గళ్ల కాగితంలో ఇంకో వరుస పెరుగుతుంది. మేము బయలుదేరే వేళకు ఆ షెడ్డులో ఆరో వరుస గీయడం మొదలైంది. వ్యాట్ రంగులకు వాడే హైడ్రోస్ పొడి గుర్తొచ్చి, దాని పత్రం కోసం మేనల్లుడు ఫైలు తిరగేస్తున్నాడు. దానికి 14వ భాగంలో 4.2 అని ఉంది, అంటే తనంతట తాను వేడెక్కి అంటుకోగలది. 10వ భాగంలో యాసిడ్లు, ఆక్సిడైజర్లు, తేమ మూడూ సరిపడవని రాసి ఉంది. ఆ పొడి డబ్బా అప్పటిదాకా నీళ్ల కుళాయి కింద ఉంది. "మామా, ముందు దీన్ని జరుపుదాం పట్టు" అంటూ అతను లేచాడు.